అనువాదకుల రెజ్యూమే: భాషల జత, సబ్జెక్టు, పదాల లెక్క, టూల్స్ ఎలా రాయాలి?

ప్రశ్న: "నేను ఐదేళ్లుగా ఫ్రీలాన్స్ అనువాదాలు చేస్తున్నాను, ఎక్కువగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి. అప్పుడప్పుడు హిందీ కూడా చేశాను. ఏజెన్సీలకు రెజ్యూమే పంపితే జవాబే రావడం లేదు. భాషలు, సబ్జెక్టులు, ఇప్పటిదాకా ఎన్ని పదాలు చేశానో, ఏ సాఫ్ట్‌వేర్ వచ్చో ఎలా రాయాలి? అన్నీ రాస్తే మూడు పేజీలు వస్తోంది. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా?"

ఒక పేజీకి తగ్గించండి, మరీ కుదరకపోతే రెండు. మొదటి పేజీ పై సగంలో నాలుగు విషయాలు కనబడాలి: ఏ భాష నుంచి ఏ భాషలోకి, ఏ సబ్జెక్టులో ఏ రకం పత్రాలు, ఆ సబ్జెక్టులో ఎన్ని పదాలు, ఏ టూల్‌లో ఫైలు తిరిగి ఇవ్వగలరు. చదువు, సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాలు వీటి కింద రావాలి. "కష్టపడి పనిచేసే స్వభావం", "గడువుకు కట్టుబడతాను" లాంటి వాక్యాలు తీసేస్తేనే సగం పేజీ ఖాళీ అవుతుంది.

నేను చాలాకాలం ఫ్రీలాన్స్‌గా చేశాను. ఇప్పుడు ఒక ఏజెన్సీకి తెలుగు పని చూస్తున్నాను కాబట్టి తెలుగు అనువాదకుల రెజ్యూమేలు ముందుగా నా దగ్గరికే వస్తాయి. ఏజెన్సీ వైపు జరిగేది చెబుతాను. అనువాదకులను ఎంపిక చేసే వెండర్ మేనేజర్ మీ రెజ్యూమేని కథలా చదవరు. వాళ్ల ముందు ఒక డేటాబేస్ ఫారం ఉంటుంది. అందులో సోర్స్ భాష, టార్గెట్ భాష, సబ్జెక్టు, సేవ, టూల్, రోజుకు ఎన్ని పదాలు అని గడులుంటాయి. మీ రెజ్యూమే చూసి ఆ గడులు నింపగలిగితే మీ పేరు లోపలికి వెళ్తుంది. రేపు "ఇంగ్లీషు నుంచి తెలుగు, క్లినికల్ ట్రయల్, మెమోక్యూ" అని ప్రాజెక్ట్ మేనేజర్ వెతికినప్పుడు బయటికి వస్తుంది. గడి నింపడానికి సమాచారం దొరకకపోతే ఫోన్ చేసి అడిగేంత తీరిక ఎవరికీ ఉండదు. తర్వాతి రెజ్యూమే తెరుస్తారు.

భాషల జత: దిశ తప్పనిసరిగా చెప్పాలి

"తెలుగు, ఇంగ్లీషు, హిందీ తెలుసు" అనేది అనువాదకుడి రెజ్యూమేలో ఏమీ చెప్పని వాక్యం. `English > Telugu` అని దిశతో రాయాలి. రెండు వైపులా చేస్తారని చెప్పడానికి కొందరు `<>` గుర్తు పెడతారు. దాన్ని చూడగానే నాకు సందేహం వస్తుంది, ఎందుకంటే రెండు వైపులా సమానంగా చేయగలిగేవాళ్లు చాలా తక్కువ. ఏజెన్సీలు సాధారణంగా మాతృభాషలోకి చేసేవారినే తీసుకుంటాయి. కాబట్టి మాతృభాష తెలుగు అని ఒక ముక్క రాసి, ప్రధాన జతను విడిగా పైన పెట్టండి.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకి కూడా చేస్తుంటే ఎలాంటి పనికో చెప్పండి. ఆ దిశలో పని ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి మెడికల్ బ్యాక్ ట్రాన్స్‌లేషన్, అంటే తెలుగులోకి చేసిన పత్రాన్ని సరిచూడటానికి తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం. రెండోది కోర్టు, రిజిస్ట్రేషన్, వీసా అవసరాలకు వచ్చే పత్రాలు: అమ్మకం దస్తావేజులు, పహాణీలు, ఎఫ్‌ఐఆర్‌లు, జనన మరణ ధ్రువపత్రాలు. చేతిరాతలో ఉన్న పాత దస్తావేజులు చదవగలిగితే ఆ మాట తప్పక రాయండి. దస్తావేజు లేఖకుల రాత, పాత కొలతలు, సరిహద్దుల భాష చదివి సరైన ఇంగ్లీషులో పెట్టేవాళ్లు దొరకడం కష్టం. ఈ నైపుణ్యం చాలామందికి ఉంటుంది కానీ రెజ్యూమేలో మాత్రం కనబడదు.

ఇక మీ హిందీ సంగతి. అప్పుడప్పుడు చేశానంటున్నారు. దాన్ని ప్రధాన జతల పక్కన పెట్టకండి. హిందీ నుంచి తెలుగులోకి చెప్పుకోదగ్గ పని ఉంటే పదాల లెక్కతో రెండో వరుసలో రాయండి, లేకపోతే వదిలేయండి. ఐదు భాషలు, పది జతలు ఉన్న రెజ్యూమే వస్తే అది ఒక మనిషిదా లేక వెనకాల పని పంచిపెట్టే చిన్న ఏజెన్సీదా అన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చాక మిగతా పేజీ మీద నమ్మకం పోతుంది.

సబ్జెక్టు: రంగం పేరుతో ఆగిపోకండి, పత్రం పేరు రాయండి

"మెడికల్, లీగల్, టెక్నికల్, మార్కెటింగ్, ఐటీ, ఫైనాన్స్, సాహిత్యం" అని వరుసగా రాసిన రెజ్యూమేలు రోజూ చూస్తాను. అన్నీ వచ్చంటే నాకేమీ అర్థం కాదు. ఒక్క మెడికల్‌నే తీసుకోండి. క్లినికల్ ట్రయల్‌లో చేరేవారికి ఇచ్చే సమ్మతి పత్రం, రోగి స్వయంగా నింపే ప్రశ్నావళి, గ్లూకోమీటర్ వాడే విధానం, ఆసుపత్రి ప్రచార కరపత్రం, ఈ నాలుగూ వేర్వేరు పనులు. సమ్మతి పత్రంలో వైద్య విషయం పల్లెటూరి మనిషికి కూడా అర్థమయ్యే తెలుగులో ఉండాలి, అయినా చట్టపరంగా ఒక్క అర్థం కూడా జారకూడదు. ప్రశ్నావళిలో "కొద్దిగా", "ఒక మోస్తరుగా", "చాలా" అనే మెట్ల మధ్య దూరం మూలంలో ఉన్నంతే ఉండాలి. అది చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

మన దగ్గర మెడికల్‌కు ప్రత్యేకంగా గిరాకీ ఉండటానికి కారణం ఉంది. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌కు సంబంధించిన 2019 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో చేరే వ్యక్తికి అతనికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇచ్చి సమ్మతి తీసుకోవాలి. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ట్రయల్ నడుస్తుంటే తెలుగు పత్రం కావాలి. దాన్ని ఎథిక్స్ కమిటీ చూస్తుంది. చాలాసార్లు అనువాద ధ్రువపత్రం, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ కూడా అడుగుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. అనువాదం, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ రెండూ చేశానని రాసేటప్పుడు వాటిని విడి వరుసల్లో పెట్టండి. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేసే మనిషి మూల ఇంగ్లీషును చూడకూడదు, కాబట్టి ఒకే ప్రాజెక్టులో రెండూ ఒకరే చేయరు. రెండూ కలిపి ఒకే వాక్యంలో రాస్తే, ఈ పద్ధతి మీకు తెలియదేమో అని చదివేవారు అనుకుంటారు.

రెండు, మహా అయితే మూడు సబ్జెక్టులు చాలు. ఒక్కోదాని కింద పత్రాల రకాలు మూడు నాలుగు రాయండి. ఆ రంగంలో చదువో ఉద్యోగమో ఉంటే (ఫార్మసీ, నర్సింగ్, లా, బ్యాంకు) అక్కడే ఒక ముక్కలో చెప్పండి, కింద చదువు విభాగం దాకా దాచకండి.

పదాల లెక్క: ఇక్కడే ఎక్కువమంది నమ్మకం పోగొట్టుకుంటారు

ముందుగా మీ అంకె నిలబడుతుందో లేదో మీరే చూసుకోండి. రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు మామూలుగా చేయగలిగే వేగం అనుకుందాం. ఏడాదికి 250 రోజులు ఖాళీ లేకుండా పని ఉందనుకున్నా 5 లక్షల నుంచి 6.25 లక్షల పదాలు అవుతాయి. ఐదేళ్లకు 25 నుంచి 31 లక్షలు. ఐదేళ్ల అనుభవంతో "1 కోటి పదాలు" అని రాస్తే చదివేవారు ఈ గుణకారం మనసులోనే చేసేస్తారు. రోజు సామర్థ్యం దగ్గరా ఇదే సమస్య. "రోజుకు 8,000 పదాలు" అని రాస్తే వేగంగా చేస్తారని ఎవరూ మెచ్చుకోరు, చదవకుండా పంపుతారని భయపడతారు.

రెండోది, దేన్ని లెక్కపెట్టారో చెప్పాలి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అయితే సోర్స్ పదాలే లెక్క. తెలుగులో విభక్తులు, సహాయక్రియలు పదానికే అతుక్కుంటాయి కాబట్టి అదే విషయం తెలుగులో తక్కువ పదాల్లో వస్తుంది. టార్గెట్ లెక్క రాస్తే మీ పని మీరే తగ్గించి చెప్పుకున్నట్టు. తెలుగు స్కాన్ కాపీ నుంచి ఇంగ్లీషులోకి అయితే సోర్స్‌లో లెక్కపెట్టడం కుదరదు. అక్కడ పేజీలో, వచ్చిన ఇంగ్లీషు పదాలో చెప్పండి. సబ్‌టైటిల్స్‌కు నిమిషాలు, ప్రశ్నావళి మీద రోగులతో మాట్లాడి పరీక్షించే ఇంటర్వ్యూలకు ఎంతమందితో చేశారో, ఇలా పనికి తగ్గ కొలత వాడాలి. వీటన్నిటినీ పదాల్లోకి మార్చి ఒకే మొత్తంగా చూపించడానికి ప్రయత్నించకండి.

మూడోది పునరావృతాలు. ఉదాహరణకు ఒక ఫైలు 12,000 పదాలు. ఫైలును పాత అనువాదాలతో పోల్చే టూల్ విశ్లేషణలో 3,500 రిపిటీషన్లు, 2,500 పూర్తి మ్యాచ్‌లు, 2,000 పాక్షిక మ్యాచ్‌లు, 4,000 కొత్త పదాలు అని వచ్చింది. ఫైలు పెద్దదే కానీ మీరు నిజంగా కూర్చుని చేసింది పాక్షికం, కొత్తవి కలిపి 6,000. నా లెక్కలో రెజ్యూమేకి ఎక్కాల్సింది ఆ 6,000 మాత్రమే. చదివేవాళ్లకు ఫైలు సైజులు తెలుసు, పెంచిన లెక్క ఏదో ఒక ప్రశ్న దగ్గర బయటపడుతుంది. "రిపిటీషన్లు, పూర్తి మ్యాచ్‌లు మినహాయించి" అని లెక్క కింద చిన్న అక్షరాల్లో రాస్తే, విశ్లేషణ నివేదిక చదవడం మీకు వచ్చని కూడా దానంతట అదే చెప్పినట్టవుతుంది.

అనువాదం, రివ్యూ, మెషీన్ అనువాదాన్ని సరిదిద్దే పోస్ట్ ఎడిటింగ్ మూడింటి వేగం వేరు, ధర వేరు. అందుకే పదాలనూ వేరుగా చూపాలి. రివ్యూ చేసిన 3 లక్షలను అనువాదంలో కలిపేస్తే మొత్తం బాగా కనబడుతుంది. కానీ రివ్యూయర్ కోసం వెతుకుతున్నప్పుడు మీ పేరు రాదు. అనుభవం ఉన్న రివ్యూయర్‌కు గిరాకీ ఎక్కువ కాబట్టి నష్టం మీకే.

ఈ లెక్కంతా ఎక్కడి నుంచి తేవాలంటే, మీ పాత ఇన్వాయిస్‌ల నుంచి. ఒక ఎక్సెల్ షీటులో నెల, జత, సబ్జెక్టు, పత్రం రకం, సేవ, పదాలు, టూల్ అనే ఏడు నిలువు వరుసలు పెట్టి ఇన్వాయిస్‌లన్నీ ఎక్కించండి. ఒక సాయంత్రం పని. తర్వాత సబ్జెక్టు వారీగా మొత్తం తీస్తే మీకే ఆశ్చర్యం కలగొచ్చు. మీరు లీగల్ అనుకుంటున్న పనిలో చాలా భాగం నిజానికి ప్రభుత్వ పథకాల కరపత్రాలని తేలొచ్చు.

అంకెలు రాసే తీరు కూడా చూసుకోండి. విదేశీ ఏజెన్సీకి "9.4 లక్షలు" అర్థం కాదు, 9,40,000 అని కామా పెడితే అచ్చుతప్పు అనుకుంటారు. వాళ్లకు పంపే కాపీలో 940,000 అని రాయండి.

ఒక రెజ్యూమే మార్చిన తీరు

విశాఖ నుంచి ఒకావిడ తన రెజ్యూమే చూడమని పంపారు. బి.ఫార్మసీ చదివి, నాలుగేళ్లుగా అనువాదాలు చేస్తున్నారు. మూడు పేజీలు. పైన ఫొటో, పుట్టిన తేదీ, ఆశయం పేరుతో ఒక పేరా. తర్వాత ఇంగ్లీషు, తెలుగు, హిందీ, తమిళం. తర్వాత పదకొండు సబ్జెక్టులు. "50 లక్షలకు పైగా పదాలు". టూల్స్ దగ్గర "ఎంఎస్ ఆఫీస్, ఇంటర్నెట్, అన్ని క్యాట్ టూల్స్". ఫార్మసీ చదువు మూడో పేజీ చివర్లో ఉంది.

ఆమె చేత ఇన్వాయిస్‌ల షీటు వేయించాను. ఇంగ్లీషు నుంచి తెలుగు మెడికల్ 9.4 లక్షలు తేలింది. అందులో సమ్మతి పత్రాలు, రోగి సమాచార పత్రాలు 6 లక్షలు, ప్రశ్నావళులు, రోగి డైరీలు 1.4 లక్షలు, వైద్య పరికరాల వాడకం పత్రాలు 2 లక్షలు. తెలుగు నుంచి ఇంగ్లీషు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ 1.1 లక్షలు. ప్రజారోగ్య కరపత్రాలు 1.5 లక్షలు. రివ్యూ 3.2 లక్షలు. అనువాదం మొత్తం 12 లక్షలే, అంటే ఏడాదికి 3 లక్షలు. యాభై లక్షల పక్కన ఇది చిన్నగా ఉందని ఆమెకు దిగులేసింది. కానీ మెడికల్‌లో 9.4 లక్షలు, అదీ పత్రాల రకాలతో సహా చూపించగలగడం తెలుగులో చాలా బలమైన లెక్క.

కొత్త రెజ్యూమే పై భాగం ఇలా వచ్చింది (అసలుది ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ సారం చెబుతున్నాను): పేరు కింద "ఇంగ్లీషు నుంచి తెలుగు మెడికల్ అనువాదకురాలు, బి.ఫార్మసీ". దాని కింద ప్రధాన జత, బ్యాక్ ట్రాన్స్‌లేషన్‌కు మాత్రమే రెండో జత. తర్వాత ఒక చిన్న పట్టిక: పత్రం రకం, సేవ, పదాలు, కాలం. తర్వాత టూల్స్ రెండు వరుసలు. రోజుకు అనువాదం 2,000 పదాలు. హిందీ, తమిళం పోయాయి. ప్రజారోగ్యం పట్టికలో చివరి వరుస అయింది. అంతకుముందు ఆమెకు ఎప్పుడైనా జవాబు వస్తే ఏదో సాధారణ విషయం మీద టెస్ట్ వచ్చేది. ఇప్పుడు వచ్చే టెస్టులు సమ్మతి పత్రాల మీదే ఉంటున్నాయని చెప్పారు.

టూల్స్: పేరు కాదు, దానితో ఏం చేయగలరో

"అన్ని క్యాట్ టూల్స్ వచ్చు" అని రాయకండి. ట్రాడోస్ స్టూడియో, మెమోక్యూ, ఫ్రేజ్ (పాత పేరు మెమ్‌సోర్స్), ఎక్స్‌టీఎమ్ లాంటి వాటిలో మీరు నిజంగా డెలివరీ చేసినవే రాయండి. సొంత లైసెన్స్ ఉందా, ఏజెన్సీ ఇచ్చిన లాగిన్‌తో బ్రౌజర్‌లో చేశారా అన్నది తేడా ఉన్న విషయం, అది కూడా రాయండి. ట్రాడోస్ అయితే వెర్షన్ రాయండి. కొనే స్థోమత లేకపోతే ఒమేగాటీ ఉచితం. దానిలో అనువాద మెమరీని `.tmx` ఫైలుగా ఇవ్వగలనని చెప్పినా మీకు పని తెలుసని అర్థమవుతుంది.

క్వాలిటీ చెక్‌కు ఎక్స్‌బెంచ్ వాడితే రాయండి. అంకెలు తప్పడం, వదిలేసిన వాక్యాలు, ఒకే వాక్యానికి రెండు అనువాదాలు అది పట్టిస్తుంది. అయితే తెలుగులో పదాల పట్టిక చెక్ పెడితే తప్పుడు హెచ్చరికలు కుప్పలుగా వస్తాయి, ఎందుకంటే పట్టికలో "మోతాదు" ఉంటే పాఠంలో "మోతాదులను" అని ఉంటుంది. వాటిని ఓపిగ్గా చూసి నివేదికతో పాటు పంపే అలవాటు ఉంటే ఆ ఒక్క ముక్కా రాయండి. నేనైతే అలాంటివారిని పక్కన పెట్టుకుంటాను.

తెలుగువాళ్లు మర్చిపోయేది ఫాంట్ల సంగతి. యూనికోడ్‌లో ఏ కీబోర్డుతో టైపు చేస్తారో, అను ఫాంట్లలో కూడా పని చేయగలరా, పాత అను ఫైలును యూనికోడ్‌కు మార్చి సరిచూడగలరా అన్నది రాయండి. క్యాట్ టూల్స్‌కు యూనికోడ్ కావాలి, కానీ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, పత్రికల్లో పేజ్‌మేకర్, అను ఇంకా నడుస్తున్నాయి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టాక ఒత్తులు, గుణింతాలు విడిపోతే కంపోజర్ సెట్టింగ్ మార్చాలని తెలిసినవాళ్లు, చివరి పీడీఎఫ్ చూసి విరిగిన అక్షరాలు గుర్తు పెట్టగలిగినవాళ్లు ఏజెన్సీకి చాలా అవసరం. అక్కడి డీటీపీ మనిషికి తెలుగు రాకపోతే ఆ తప్పు నేరుగా ప్రింటుకు వెళ్లిపోతుంది.

ఏం పెట్టకూడదు

రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టిన పనిలో అసలు కంపెనీ పేరు రాయకండి. "అమెరికాకు చెందిన వైద్య పరికరాల సంస్థ, ఏజెన్సీ ద్వారా" అంటే చాలు. పేరు రాస్తే గొప్పగా ఉంటుందనుకుంటారు, కానీ నేను చూసేది రేపు మా క్లయింటు పేరు కూడా ఇలాగే రాస్తారేమోనని. మందు పేరు, ట్రయల్ నంబరు అసలే వద్దు. నమూనా అడిగితే క్లయింటు ఫైలు ముక్క పంపకండి. అందరికీ అందుబాటులో ఉన్న ఏదైనా ఆరోగ్య సమాచార పత్రం తీసుకుని 250 పదాలు కొత్తగా అనువదించి పెట్టుకోండి.

ఆధార్, పాన్, పుట్టిన తేదీ, ఇంటి పూర్తి చిరునామా, బ్యాంకు వివరాలు, సంతకం ఉన్న ధ్రువపత్రాల స్కాన్లు రెజ్యూమేలో వద్దు. మంచి అనువాదకుల రెజ్యూమేలు దొంగిలించి, పేరు అదే ఉంచి ఈమెయిల్ మాత్రం మార్చి ఏజెన్సీలకు పంపే మోసగాళ్లు ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నారు. అందుకే వర్డ్ ఫైలు పంపకుండా పీడీఎఫ్ పంపండి, ఈమెయిల్ అందులో స్పష్టంగా ఉండాలి, పంపేది కూడా అదే ఈమెయిల్ నుంచి ఉండాలి. ధర రెజ్యూమేలో రాయకండి, అడిగినప్పుడు మెయిల్‌లో చెప్పండి. భారతీయ ఏజెన్సీకీ యూరప్ ఏజెన్సీకీ ఒకే ధర ఉండదు.

చదువు గురించి ఒక్క మాట. చాలా ఏజెన్సీలు ఐఎస్ఓ 17100 ప్రమాణం పాటిస్తాయి. దాని ప్రకారం అనువాదకుడికి మూడింటిలో ఒకటి ఉండాలి: అనువాదంలో డిగ్రీ, లేదా వేరే ఏదైనా డిగ్రీతో పాటు రెండేళ్ల పూర్తికాల అనువాద అనుభవం, లేదా ఐదేళ్ల పూర్తికాల అనుభవం. మీరు ఐదేళ్లు అన్నారు, అది పూర్తికాలమో పక్క పనిగానో నాకు తెలియదు. పూర్తికాలమైతే ఏ నెల నుంచి ఏ నెల వరకో రాయండి. పక్క పనిగా అయితే డిగ్రీని తేదీతో సహా తప్పక పెట్టి, అనుభవం పక్కన పదాల లెక్క ఇవ్వండి. ఆధారంగా పాత క్లయింట్ల నుంచి "ఈ కాలంలో ఈ జతలో మాకు పని చేశారు" అని రెండు ఉత్తరాలు తెచ్చి ఉంచుకోండి. ఆడిట్ సమయంలో ఏజెన్సీ అడుగుతుంది.

ఫైలు పేరు `resume_final_new.pdf` అని కాకుండా `EN-TE_Medical_` తర్వాత మీ పేరు వచ్చేలా పెట్టండి. మెయిల్ సబ్జెక్టు లైన్‌లోనూ అదే రాయండి. మెడికల్ ఏజెన్సీకి ఒక కాపీ, లీగల్ ఏజెన్సీకి ఇంకో కాపీ ఉండొచ్చు, పట్టికలో వరుసల క్రమం మారుతుంది అంతే, అంకెలు మాత్రం రెండింటిలో ఒకటే ఉండాలి. ఆ ఎక్సెల్ షీటును మూడు నెలలకోసారి నింపుతూ ఉంటే తర్వాత రెజ్యూమే మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టదు. పేరు, క్లయింటు వివరాలు తీసేసి మీ పై సగం పేజీ ఇక్కడ పెడితే చూసి చెబుతాను.